మాట ఆయనదే, మరి అర్థం ఎవరిది? ప్రవచనాన్ని షార్ట్స్‌గా కత్తిరించే ముందు ఒక ధర్మసందేహం

ఈసారి మీ ముందు ఒక ప్రశ్న పెడుతున్నాను. ఒక పెద్దాయన గంటా పన్నెండు నిమిషాలు ప్రవచనం చెప్పారు. అందులోంచి మనం ఇరవై నాలుగు సెకన్లు తీసి షార్ట్‌గా పెట్టాం. ఒక్క మాట మార్చలేదు, ఒక్క మాట కలపలేదు. గొంతు ఆయనదే, ముఖం ఆయనదే. అయినా సరే, ఆ ఇరవై నాలుగు సెకన్లు అబద్ధం కావడానికి వీలుందా?

ఉందనే నేను అంటాను. అలా అయితే ఆ అబద్ధం ఎవరిది? చెప్పినాయనదా, కత్తిరించిన యంత్రానిదా, యంత్రాన్ని నడిపినవాళ్ళదా? మా ఛానల్ షార్ట్స్ తయారుచేసే ఏర్పాటు నేనే రాశాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కేవలం వేదాంత చర్చ కాదు. ప్రతి క్లిప్‌కీ జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న.

ముందు ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో నాలుగు మాటల్లో చెబుతాను. ఇందులో మూడు అంచెలున్నాయి. మొదటి అంచెలో వీడియోలోంచి ధ్వనిని విడదీసి, విస్పర్ లాంటి మోడల్‌కి ఇస్తాం. అది మాటలను అక్షరాల్లో రాసి, ఏ ముక్క ఏ సెకనులో మొదలై ఏ సెకనులో ముగిసిందో పక్కనే వేస్తుంది. రెండో అంచెలో ఆ రాతను వాక్యాలుగా విడగొట్టి, నంబర్లు వేసి, లాంగ్వేజ్ మోడల్‌కి ఇచ్చి "ఇందులో విడిగా నిలబడే ఘట్టాలు ఏవి?" అని అడుగుతాం. మోడల్ సెకన్లు చెప్పకూడదు, వాక్యాల నంబర్లే చెప్పాలి. ఎందుకంటే సెకన్లు అడిగితే లేని సమయాలు కూడా ధీమాగా రాసేస్తుంది. నంబరు అయితే మన పట్టికలో చూసుకుని అసలు సమయం మనమే తీసుకోవచ్చు. మూడో అంచెలో `ffmpeg` ఆ సమయాల దగ్గర వీడియోని కోస్తుంది. అంతే.

ఇక అసలు సంగతికి వద్దాం. భగవద్గీత మూడో అధ్యాయం మొదలు మీకు తెలిసిందే. కర్మ కంటే జ్ఞానమే గొప్పదైతే నన్ను ఈ ఘోరమైన పనిలోకి ఎందుకు దింపుతున్నావు కృష్ణా, అని అర్జునుడు అడుగుతాడు. మా ప్రవచనకర్త గారు ఆ ప్రశ్నను ఈ కాలపు మనిషి గొంతుతో చెప్పారు. నలభై ఒకటో నిమిషం దాటాక ఆయన మాటలు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఇలా వచ్చాయి.

```
412  41:52.3  ఇంట్లో గొడవలు, ఆఫీసులో గొడవలు, ఇవన్నీ పనుల వల్లే కదా.
413  41:58.6  పని వదిలేస్తే బంధం వదిలిపోతుంది.
414  42:03.4  అన్నీ మానేసి ఓ మూల కూర్చుని నామం చేసుకుంటే చాలు,
              మోక్షం దానంతట అదే వస్తుంది.
415  42:17.3  అని మనలో చాలామందికి ఒక ఆశ.
416  42:21.0  అర్జునుడి ప్రశ్న వెనక ఉన్నదీ ఆ ఆశే.
```

ఆ తర్వాత ఒకటిన్నర నిమిషం పాటు ఒక కథ. నలభై మూడో నిమిషం యాభై ఎనిమిదో సెకను దగ్గర, అంటే 431వ వాక్యంలో, కృష్ణుడి సమాధానం మొదలవుతుంది. పని మొదలుపెట్టకుండా కూర్చున్నంత మాత్రాన ఆ స్థితి రాదు, ఏ జీవీ క్షణమైనా పని చేయకుండా ఉండలేదు, చివరికి శరీరం నిలవాలన్నా పని కావలసిందే.

లాంగ్వేజ్ మోడల్ ఏ ఘట్టాన్ని ఎంచుకుందో ఊహించగలరా? 412 నుంచి 414 దాకా. ఇరవై నాలుగు సెకన్లు. అది చెప్పిన కారణాలు కూడా చూడటానికి సబబుగానే ఉన్నాయి. మొదటి వాక్యం ఇంటి సంగతితో పట్టేస్తుంది, మధ్యలో సూత్రం ఉంది, చివర ఫలం ఉంది, ఆలోచన పూర్తయింది. పైగా "అన్నీ వదిలేస్తే చాలు" అని శీర్షిక కూడా సూచించింది. ఆ క్లిప్ మా పరిశీలనలోనే ఆగిపోయింది, బయటికి రాలేదు. వచ్చి ఉంటే మాత్రం ఆయన ఖండించడానికి ఎత్తుకున్న మాటే ఆయన ఉపదేశమై ఊరంతా తిరిగేది.

ఇది ఎలా జరిగిందో జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే తప్పు రెండో అంచెలో పుట్టలేదు. ప్రవచనకర్తలు "అని" అనే ముందు కావాలనే కొంచెం ఆగుతారు. శ్రోత ఆ మాటను ఒక క్షణం నమ్మాలి, ఆ వెంటనే "అని మన ఆశ" అంటే ఉలిక్కిపడాలి. అదొక కళ. ఇక్కడ ఆయన ఒక సెకను పైనే ఆగారు. అంత విరామం కనబడేసరికి మొదటి అంచెలో వాక్యం అయిపోయిందనుకుని చుక్క పెట్టేసింది. చుక్క చూసి రెండో అంచె ఆలోచన పూర్తయిందనుకుంది. ఆ చుక్క దగ్గర మూడో అంచె బుద్ధిగా కోసింది. ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశారు. కలిపి చూస్తే అర్థం తలకిందులైంది.

ఇందులో మన భాష స్వభావం కూడా ఉంది. ఇంగ్లీషులో "కొందరు అంటారు" అనే మాట ముందు వచ్చి, వాళ్ళ వాదం తర్వాత వస్తుంది. క్లిప్ చివర కాస్త తెగినా ఎవరి మాటో మొదట్లోనే తెలిసిపోతుంది. తెలుగులో వాదం ముందు వస్తుంది, "అని కొందరంటారు" చివర వస్తుంది. "కాదు", "లేదు", "అనుకోవడం పొరపాటు" కూడా చివరే. మన వాక్యంలో సత్యమంతా తోకలో ఉంటుంది. అందుకని తెలుగు ప్రవచనానికి చివరి రెండు సెకన్లే ప్రాణం. వేరే భాషల కోసం రాసిన ఏర్పాటును తెచ్చి యథాతథంగా వాడితే ఆ ప్రాణం దగ్గరే కత్తి పడుతుంది.

దీనికి మొదటి మందు చాలా చిన్నది. లాంగ్వేజ్ మోడల్ చూడకముందే, "అని" లాంటి మాటతో మొదలైన ముక్కను ముందు వాక్యానికి అతికించేయాలి.

```python
TAILS = {"అని", "అంటూ", "అంటారు", "అన్నాడు", "అనేది", "అనుకుంటాం"}
units = []
for s in segments:
    text = s["text"].strip()
    first = text.split(" ")[0].strip(".,?")
    if units and first in TAILS:
        units[-1]["text"] += " " + text
        units[-1]["end"] = s["end"]
    else:
        units.append(dict(s, text=text))
```

ఇక్కడ మొదటి మాట మొత్తాన్ని పోల్చడం ముఖ్యం. మొదటి రెండు అక్షరాలు చూస్తే చాలనుకుంటే, "అన్నాడు" కోసం పెట్టిన వల "అన్నీ", "అన్నం", "అన్నయ్య" అన్నింటినీ పట్టేస్తుంది. పై ఉదాహరణలో 414వ వాక్యం "అన్నీ"తోనే మొదలైంది చూశారా.

అయితే ఈ మందుతో జబ్బు సగమే తగ్గుతుంది. ఎందుకంటే "అని" పట్టు ఒక్క వాక్యంతో ఆగదు. ఇక్కడ ఆ చిన్న మాట 412, 413, 414 మూడింటినీ వెనక్కి తిరిగి కప్పేసింది. 414ను సరిగ్గా అతికించినా, మోడల్ 412, 413 మాత్రమే ఎంచుకుంటే అదే తప్పు పదకొండు సెకన్లలో జరిగిపోతుంది.

ఇక్కడే మన శాస్త్ర సంప్రదాయం నాకు దారి చూపింది. భాష్యాలు చదివినవారికి తెలుసు, మనవాళ్ళు ముందు పూర్వపక్షం చెబుతారు, తర్వాత సిద్ధాంతం చెబుతారు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బలంగా, అందంగా చెప్పడం మర్యాద. బలహీనంగా చెప్పి గెలిస్తే అది గెలుపు కాదు. ఈ మర్యాద వల్లే పూర్వపక్షం ఎప్పుడూ క్లిప్‌కి పనికొచ్చేంత బాగుంటుంది. సిద్ధాంతంలో "అయితే", "కానీ", "ఒక విధంగా" లాంటివి ఎక్కువ. పూర్వపక్షంలో సూటిదనం ఎక్కువ. "బాగా పట్టేసే ముక్క ఏది?" అని అడిగినన్ని రోజులూ మోడల్ పూర్వపక్షం వైపే మొగ్గుతుంది. ప్రశ్నే అలాంటిది మరి.

అందుకని మొదట ఎంపిక అడగడం మానేశాను. ముందు ఏ మాట ఎవరిదో గుర్తించమని అడుగుతాను.

```
ప్రతి వాక్యానికి ఒక గుర్తు ఇవ్వు.
S = వక్త తన సొంత మాటగా చెప్పినది
P = ఇతరుల మాట, సందేహం, తర్వాత ఖండించే వాదం
K = కథ, ఉదాహరణ
P అయితే, దానికి సమాధానం మొదలైన వాక్యం నంబరు రాయి.
సమాధానం కనబడకపోతే 0 రాయి.
```

దీనికి ప్రవచనం మొత్తం ఒకేసారి ఇవ్వాలి. పది నిమిషాల ముక్కలుగా ఇస్తే పూర్వపక్షం ఒక ముక్కలో, సమాధానం ఇంకో ముక్కలో పడవచ్చు. రెండోది చూడని మోడల్‌కి మొదటిది ఉపదేశంలాగే కనబడుతుంది. సప్తాహాల్లో అయితే ఇంకా కష్టం. ఈ రోజు సాయంత్రం సందేహం లేవనెత్తి, శ్రోతలను ఆలోచించుకోమని పంపి, రేపు సమాధానం చెప్పే అలవాటు చాలామంది పెద్దలకు ఉంది. అలాంటి చోట 0 వస్తుంది. 0 వచ్చిన భాగం జోలికి మేము వెళ్ళం.

మా ఉదాహరణలో 412 నుంచి 416 దాకా P పడింది, సమాధానం 431 అని వచ్చింది. ఇప్పుడు ముందున్న దారులు మూడు. మొదటిది, 412 నుంచి 416 దాకా కోసి, దానికి 431 నుంచి కొన్ని వాక్యాలు అతికించడం. ప్రశ్నా జవాబూ రెండూ ఒక నిమిషంలో వచ్చేస్తాయి. కానీ ఇది నేను ఒప్పుకోను. మధ్యలో కథ తీసేసి రెండు ముక్కలు కలిపితే ఆయన ఎన్నడూ వరసగా చెప్పని మాటను వరసగా చెప్పినట్టు చూపిస్తున్నాం. ఈ చోట అర్థం చెడకపోవచ్చు. కానీ అతకడం ఒకసారి మొదలుపెడితే ఎక్కడ ఆగాలో చెప్పే గీత ఉండదు. ఒక క్లిప్‌లో ఒకే కోత, మధ్యలో అతుకు లేదు అన్నది మేము పెట్టుకున్న నియమం.

రెండో దారి, మొత్తం ఉంచేయడం. 41:52 నుంచి 44:46 దాకా రెండు నిమిషాల యాభై నాలుగు సెకన్లు. 2024 అక్టోబరు నుంచి యూట్యూబ్ షార్ట్స్ మూడు నిమిషాల దాకా పెట్టనిస్తోంది కాబట్టి ఇది కుదురుతుంది. కానీ ఒక చిక్కు ఉంది. షార్ట్స్ చూసే చెయ్యి చివరిదాకా ఆగదు. ఇరవయ్యో సెకనులో పైకి తోసేసినవారు విన్నది పూర్వపక్షమే. మనం కోయలేదు, వారి బొటనవేలు కోసింది. అది మన బాధ్యత కాదని అనవచ్చు. కానీ అలా కోస్తారని ముందే తెలిసి పెట్టినవాళ్ళం మనం. సందులో గొయ్యి ఉందని తెలిసీ దీపం పెట్టకపోతే, పడినవాడిది మాత్రమే తప్పంటామా? ఈ దారిలో వెళ్ళాలంటే పూర్వపక్షం నడిచినంతసేపూ తెరమీద "ఇది అర్జునుడి సందేహం" అని పట్టీ ఉండాలి.

మూడో దారి, 431 నుంచి 438 దాకా సమాధానం మాత్రమే తీసుకోవడం. మంచి వక్తలు సమాధానం చెప్పేటప్పుడు ప్రశ్నను మళ్ళీ ఒకసారి తలుస్తారు. ఇక్కడా "ఏమీ చేయకుండా కూర్చుంటే వచ్చేస్తుందా?" అని ఆయనే అడిగి, "రాదు" అన్నారు. నలభై ఎనిమిది సెకన్లు. ప్రశ్నా జవాబూ పక్కపక్కనే ఉన్నాయి, ఎక్కడ వదిలేసినా తప్పు మాట చెవిన పడదు. మేము దీన్నే తీసుకున్నాం.

కోసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. తొందరగా అయిపోతుందని చాలామంది `-c copy` వాడతారు. అది వీడియోని తిరిగి తయారుచేయదు, ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకుంటుంది. కానీ అలా తీసుకోవాలంటే పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేము, అంటే కీఫ్రేము దగ్గరే మొదలుపెట్టాలి. వీడియోని x264 మామూలు అమరికతో తయారుచేస్తే రెండు కీఫ్రేముల మధ్య 250 ఫ్రేములదాకా దూరం ఉండవచ్చు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది పది సెకన్లు. అంటే మనం అడిగిన చోటుకి కొన్ని సెకన్ల ముందు నుంచే క్లిప్ మొదలుకావచ్చు. ప్లేయర్‌ని బట్టి ముందు వాక్యం తోక వినబడుతుంది, లేదా బొమ్మ కాసేపు కదలకుండా నిలబడుతుంది. తోకలోనే సత్యం ఉన్న భాషలో పక్క వాక్యం తోక వచ్చి అతుక్కోవడం చిన్న విషయం కాదు. "కాదు" అన్న ఒక్క మాట ముందు వాక్యంలోంచి జారిపడి మన క్లిప్ మొదట్లో వినిపిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకని సమయం ఎక్కువ పట్టినా తిరిగి తయారుచేయడమే మేలు.

```
ffmpeg -ss 2638.0 -i pravachanam.mp4 -t 48.4 -vf "crop=ih*9/16:ih,scale=1080:1920" -c:v libx264 -crf 20 -c:a aac clip_431.mp4
```

ఇన్ని చేశాక కూడా చివర ఒక మనిషి చూడాలి. ఏం చూడాలన్నది ముఖ్యం. క్లిప్ ఒక్కటే చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది, అది బాగుండేలా ఎంచినదే కదా. మేము రెండు పనులు చేస్తాం. ఒకటి, క్లిప్ అయిపోయాక అసలు ప్రవచనంలో వచ్చే రెండు వాక్యాలు చదువుతాం. అవి "కానీ", "అయితే", "అని", "కాదు" లాంటి మాటలతో మొదలైతే ఆ క్లిప్ ఆగిపోతుంది. దీనికి ఏ మోడలూ అక్కర్లేదు. రెండు, ప్రవచనం విననివారు ఒకరు క్లిప్ చూసి "ఆయన ఏం చెప్పారు?" అన్నదానికి ఒక్క వాక్యం రాస్తారు. మొత్తం విన్నవారు ఇంకొకరు అదే ప్రశ్నకు ఒక్క వాక్యం రాస్తారు. రెండూ పక్కపక్కన పెడతాం. మొదటి వాక్యం రెండోదానిలో ఒక భాగమైతే సరే. దానికి ఎదురు నిలిస్తే క్లిప్ లేదు. మన ఉదాహరణలో మొదటి క్లిప్‌కి వచ్చే వాక్యం "పనులు మానేస్తే మోక్షం వస్తుంది." ప్రవచనం వాక్యం "పనులు మానడం వల్ల రాదు." చెప్పడానికి ఇంకేం మిగలలేదు.

ఇక్కడ ఒకరు న్యాయమైన ఆక్షేపణ చేయవచ్చు. "మన పెద్దలూ ముక్కలుగానే ఇచ్చారు కదండీ. ఒక శ్లోకం, ఒక పద్యం, ఒక మహావాక్యం. భారతం మొత్తం చెప్పాకే శ్లోకం చెప్పాలని ఎవరూ అనలేదే?" నిజమే. కానీ శతక పద్యం విడిగా నిలబడటానికే పుట్టింది. దాని మకుటంతో అది పూర్తవుతుంది. ప్రవచనంలోని వాక్యం అలా పుట్టలేదు. ముందున్నదానికి జవాబుగా, వెనక వచ్చేదానికి మెట్టుగా పుట్టింది. విడిగా తీసిన వాక్యాల తాత్పర్యం ఎలా నిర్ణయించాలో కూడా మనవాళ్ళే చెప్పారు. ఆరు గుర్తులు పెట్టారు. అందులో మొదటిది ఉపక్రమ ఉపసంహారాలు, అంటే మొదలూ ముగింపూ ఒకే మాట చెబుతున్నాయా అన్నది. రెండోది అభ్యాసం, అంటే మళ్ళీ మళ్ళీ అదే మాటకు వస్తున్నారా అన్నది. ఈ రెండూ పెట్టి చూడండి. "అన్నీ వదిలేస్తే చాలు" అన్న మాట ఆ ప్రవచనం మొదట్లో లేదు, ముగింపులో లేదు, మళ్ళీ ఎక్కడా రాలేదు. 431వ వాక్యంలోని మాట మాత్రం ముగింపులో మళ్ళీ వచ్చింది. అంతమాత్రంతోనే ఏది ఆయన మాటో తేలిపోతుంది.

ఇక మిగిలింది మొదటి ప్రశ్న. తప్పు క్లిప్ బయటికి వెళితే ఆ అబద్ధం ఎవరిది? "ఏఐ ఎంచుకుందండీ, మేము చూడలేదు" అనే మాట ఇప్పుడు తరచుగా వినబడుతోంది. గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పాడు భగవంతుడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. మోడల్, `ffmpeg`, కంప్యూటరు, ఇవన్నీ ఎంత తెలివైనవైనా కరణాలే. కరణం కర్త కాదు. "పట్టేసే ముక్క వెతుకు" అని అడిగినవాడు కర్త. ఆ అడగడంలోనే ఫలం సగం నిర్ణయమైపోయింది. ప్రవచనం చెప్పినాయన కూడా ఆ అబద్ధానికి కర్త కాడు, ఎందుకంటే ఆయన తన వాక్యాన్ని పూర్తి చేశారు. పూర్తికానివ్వనిది మనం.

కాబట్టి నాకు తేలినదిది. ఒకరి మాటను కోసే హక్కు మనకు ఉండవచ్చు, ఆయన అనుమతి కూడా ఉండవచ్చు. కానీ మాట పూర్తయ్యే చోటు మన చేతుల్లో లేదు, అది చెప్పినవారి చేతుల్లో ఉంది. ఆ చోటు మన కొలతకు సరిపోతే క్లిప్ చేస్తాం. సరిపోకపోతే ఆ భాగానికి క్లిప్ ఉండదు. పూర్తి ప్రవచనం ఎలాగూ ఛానల్‌లో ఉంది, కావలసినవారు అక్కడే వింటారు.

మా షార్ట్స్‌లో ఎక్కడైనా "ఈ మాట ఆయన ఇలా అనరే" అని మీకు అనిపిస్తే, పూర్తి వీడియోలో ఆ చోటు నుంచి రెండు నిమిషాలు ముందూ వెనకా విని, కింద కామెంట్‌లో సమయంతో సహా రాయండి. చూసి సరిచేస్తాం.

స్వస్తి.